జూన్ 30 లోపు చేయాల్సింది ఏది? పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తమిళనాడు పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

చెన్నైలో తెలుగు పాఠాలు చెప్పేవాళ్ళమూ, తమిళం నుంచీ ఇంగ్లీషు నుంచీ తెలుగులోకి అనువాదాలు చేసేవాళ్ళమూ కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ముందుగా ఒక వాక్యం చూడండి. ఇది మేం కల్పించినదే, ఏ కార్యాలయానిదీ కాదు. కానీ ఇదే అచ్చులో పోసిన వాక్యాలు బడి నోటీసుల్లో కొల్లలు.

"జూన్ 30 లోపు దరఖాస్తు చేసుకున్న విద్యార్థులు ఫీజు చెల్లించాలి."

పెరంబూరులో ఒక తల్లి దీన్ని చదివి, జూన్ 30 లోపు దరఖాస్తు పెట్టిన పిల్లలు ఫీజు కట్టాలని, కట్టడానికి గడువేమీ చెప్పలేదని అనుకుంటుంది. విల్లివాక్కంలో ఇంకో తండ్రి అదే వాక్యం చదివి, దరఖాస్తు పెట్టిన పిల్లలందరూ జూన్ 30 లోపు ఫీజు కట్టేయాలని అనుకుంటాడు. ఇద్దరికీ తెలుగు బాగా వచ్చు. ఇద్దరూ సరిగ్గానే చదివారు. జూలై 2న ఫీజు పట్టుకుని వచ్చిన తల్లిని గుమాస్తా వెనక్కి పంపితే, ఆమె చదువులో తప్పు పట్టడానికి ఆయన దగ్గర ఆధారం ఉండదు.

వాక్యంలో రెండర్థాల మాట ఒక్కటీ లేదు. 'లోపు' అంటే లోపే, 'ఫీజు' అంటే ఫీజే. తేడా అంతా 'జూన్ 30 లోపు' అన్న పదబంధం వెళ్ళి దేనికి అతుక్కుంటుందన్న దగ్గరే ఉంది. 'చేసుకున్న'కు అతుక్కుంటే ఒక వాక్యం, 'చెల్లించాలి'కి అతుక్కుంటే ఇంకో వాక్యం. ఈ అతుకునే మన పండితులు అన్వయం అన్నారు. ఒకే మాట అవసరాన్ని బట్టి ఇటూ అటూ అన్వయించడానికి కాకాక్షిగోళక న్యాయమని పేరు కూడా పెట్టారు. కాకికి ఒకే కనుగుడ్డు ఉంటుందని, అది రెండు కంటిగుంటల మధ్యా తిరుగుతుందని పాత నమ్మకం. పద్యంలో అలాంటి మాట పడితే వ్యాఖ్యాత మురిసిపోతాడు. ఫీజు నోటీసులో పడితే జనం కౌంటరు ముందు వాదులాడుకుంటారు.

తెలుగులో ఇది ఎందుకు జరుగుతుందో చెబితే మందు కూడా అక్కడే దొరుకుతుంది. మన భాషలో విశేషణమైనా, 'చేసుకున్న' లాంటి క్రియారూపమైనా తను వర్ణించే నామానికి ముందే వస్తుంది. క్రియ వాక్యం చివర వస్తుంది. కాలం చెప్పే మాటకు మాత్రం స్వేచ్ఛ ఎక్కువ, వాక్యం మొదట్లో కూడా కూర్చోగలదు. అలా మొదట్లో కూర్చున్న మాటకు ఎదురుగా రెండు క్రియలు కనిపిస్తాయి: మధ్యలో 'చేసుకున్న', చివర 'చెల్లించాలి'. వ్యాకరణం రెండింటికీ దారి వదులుతుంది. కానీ 'విద్యార్థులు' అన్న నామం వచ్చేసరికి 'చేసుకున్న' తలుపు మూసుకుపోతుంది. ఆ నామం తర్వాత వచ్చిన ఏ మాటా వెనక్కి వెళ్ళి దానికి అతుక్కోలేదు. అంచేత రెండో అర్థమే కావాలంటే పని సులువు, ఒక్క పదబంధాన్ని జరిపితే చాలు:

"దరఖాస్తు చేసుకున్న విద్యార్థులు జూన్ 30 లోపు ఫీజు చెల్లించాలి."

దీనికి ఇంకో అర్థం లేదు. మొదటి అర్థం కావాలంటే మాత్రం జరపడంతో పని కాదు, కంచె వేయాలి. "ఎవరు జూన్ 30 లోపు దరఖాస్తు చేసుకున్నారో, వారు ఫీజు చెల్లించాలి" అని రాస్తే 'ఎవరు… వారు' ఆ తేదీని తమ మధ్య బంధిస్తాయి. ఈ నిర్మాణం కృతకంగా ఉంటుందని మాలోనే కొందరు విసుక్కుంటారు. నిజమే, కథలో అయితే మేమూ కొట్టేస్తాం. నోటీసులో ఆ కృతకత్వానికి ఒక పని ఉంది.

కామా పెడితే సరిపోదా అని మీ కార్యాలయంలో ఎవరైనా అడగవచ్చు. నోటితో చెప్పేటప్పుడు 'లోపు' దగ్గర ఆగితే రెండో అర్థమూ, 'విద్యార్థులు' దాకా ఒక్క ఊపిరిలో చదివితే మొదటి అర్థమూ వస్తాయి. కామా ఆ ఆగడానికి గుర్తు. కానీ మన రాతలో కామా వాడకానికి స్థిరమైన కట్టుబాటు లేదు. నోటీసును ఎవరో మళ్ళీ టైపు చేసి వాట్సాప్‌లో పంపేసరికి అది రాలిపోతుంది కూడా. మాటల వరుసతో తీరే చిక్కును చుక్కలకు అప్పగించకూడదు.

రెండో రకం చిక్కు జంట నామాలది. "తండ్రి లేని బాలురు, బాలికలకు ఉపకార వేతనం" అన్నారనుకోండి. తండ్రి లేని షరతు బాలికలకు కూడానా, లేక బాలికలందరూ అర్హులేనా? ఇక్కడ 'కు' ప్రత్యయం కొంత సాయం చేస్తుంది. 'బాలురు, బాలికలకు' అని చివర ఒక్కసారే 'కు' వేస్తే రెండూ ఒకే మూటగా వినిపిస్తాయి, షరతు మూట మొత్తానికీ వర్తిస్తుందనిపిస్తుంది. 'బాలురకు, బాలికలకు' అని రెండుసార్లు వేస్తే మూట విడిపోయి, షరతు మొదటిదాన్నే పట్టుకుంటుంది. అయితే ఇది మొగ్గు మాత్రమే, నియమం కాదు. అర్హత తేల్చే వాక్యం మొగ్గు మీద నిలబడకూడదు. ఇద్దరికీ షరతు ఉంటే "తండ్రి లేని పిల్లలకు, బాలురైనా బాలికలైనా" అనాలి. బాలురకే ఉంటే వరుస తిప్పి "బాలికలందరికీ, తండ్రి లేని బాలురకూ" అనాలి. విశేషణం తన తర్వాత వచ్చేదాన్నే చూస్తుంది కాబట్టి, దానికంటే ముందే వచ్చేసిన బాలికలకు ఇక షరతు అంటదు.

ఇంగ్లీషు దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. ఇదే మాటను ఇంగ్లీషులో 'boys and girls who have no father' అని రాస్తే 'బాలురు, బాలికలు' ముందు వచ్చి, 'తండ్రి లేని' అన్న భాగం చివర పడుతుంది. అక్కడ షరతు వెనక్కి చూస్తుంది, దానికి దగ్గరగా ఉన్నది బాలికలు. అంటే ఇంగ్లీషు ప్రతిలో బాలికలకు షరతు ఖాయం, అనుమానం బాలుర మీద. తెలుగులోకి దించగానే షరతు మొదటికి వస్తుంది, దగ్గరి నామం బాలురు అవుతుంది, అనుమానం బాలికల మీదికి మారుతుంది. అనువాదకుడు ఒక్క మాట కూడా మార్చలేదు, వదలలేదు. అయినా రెండు ప్రతులూ రెండు వేర్వేరు పిల్లల విషయంలో సందేహం పుట్టిస్తున్నాయి.

ఇదంతా గోరంతను కొండంత చేయడమని అనిపిస్తే 2016లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన లాక్‌హార్ట్ కేసు చూడండి. పాత నేరం ఉంటే కనీస శిక్షను పెంచే చట్టంలో మూడు రకాల లైంగిక నేరాలను వరుసగా చెప్పి, చివర 'మైనరుకు లేదా సంరక్షణలో ఉన్నవారికి సంబంధించి' అనే అర్థమిచ్చే పదబంధం ఉంది. అది మూడింటికీ వర్తిస్తుందా, చివరిదానికేనా అన్నదే ప్రశ్న. నిందితుడి పాత నేరం వయోజన స్త్రీ మీద జరిగినది, వరుసలో రెండో రకానికి చెందినది. పదబంధం చివరిదానికే అతుకుతుందని ఆరుగురు న్యాయమూర్తులు, మూడింటికీ అని ఇద్దరు అన్నారు. దాంతో పదేళ్ళ కనీస శిక్ష ఖాయమైంది. ఆ వాక్యాన్నే వరుస తప్పకుండా తెలుగు చేస్తే పదబంధం మొదటికి వచ్చి, దగ్గరి నేరం చివరిది కాక మొదటిది అవుతుంది.

తమిళం నుంచి వచ్చే నోటీసులతో ఇబ్బంది వేరు. "జూన్ ముప్పదుక్కుళ్ విణ్ణప్పిత్త మాణవర్గళ్ కట్టణం సెలుత్త వేండుం" అన్న వాక్యం మా తెలుగు నమూనాకు అచ్చు జంట. రెండు భాషల్లోనూ క్రియ చివరే, విశేషణం ముందే. మాటకు మాట పెట్టుకుంటూ పోతే తమిళంలోని రెండర్థాలూ చెక్కుచెదరకుండా తెలుగులోకి దిగుతాయి. అనువాదం ఎంత సాఫీగా సాగితే చిక్కు అంత కనబడకుండా పోతుంది.

శీర్షికల్లో నామాలను గొలుసుగా పేర్చడం గురించి ఒక్క మాట. చెన్నైలో పాత పుస్తకాలకు పేరుమోసిన మూర్ మార్కెట్ రోజుల నుంచీ 'పాత పుస్తకాల అంగడి' అంటే పాతవి పుస్తకాలే అని మనకు తెలుసు, ఎందుకంటే అలాంటి అంగళ్ళను చూశాం. "కొత్త తెలుగు ఉపాధ్యాయుల నియామక నియమాలు" అన్న శీర్షికకు అలాంటి ఆసరా లేదు. కొత్తవి నియమాలా? కొత్తది నియామకమా? కొత్తవారు ఉపాధ్యాయులా? ఇలా మూడు మాటలు పేరిస్తే జతకట్టే తీరులు 2, నాలుగైతే 5, ఐదైతే 14. అందులో చాలావాటిని అర్థమే తోసేస్తుంది, 'కొత్త'ను 'తెలుగు'తో ఎవరూ జతకట్టరు. మాటలు అర్థంలో ఒకదానితో ఒకటి పొసగడాన్ని శాస్త్రంలో యోగ్యత అంటారు. కానీ పైన చెప్పిన మూడూ యోగ్యత ఉన్నవే. "తెలుగు ఉపాధ్యాయుల నియామకానికి కొత్త నియమాలు" అంటే చాలు, 'కి' గొలుసును తెంపుతుంది, 'కొత్త' తన నామం పక్కకు చేరుతుంది.

రాసినవాడికి ఈ చిక్కు కనపడదు. తన మనసులో ఉన్న అర్థం తెలుసు కాబట్టి వాక్యం ఎన్నిసార్లు చదివినా అదే వినిపిస్తుంది. అందుకే నోటీసు బయటికి వెళ్ళేముందు మూల ప్రతి చూడని ఇద్దరికి విడివిడిగా చూపించమని మనవి. "అర్థమైందా?" అని అడగవద్దు, అందరూ అయిందనే అంటారు. "ఫీజు ఎవరు కట్టాలి? ఎప్పటిలోపు?" అని అడగండి. జవాబులు వేరైతే వాక్యం మార్చాలి. ఇద్దరి జవాబూ ఒకటే అయినా అది కార్యాలయం ఉద్దేశించినది కాకపోవచ్చు, కాబట్టి ఉత్తర్వు తయారుచేసిన విభాగంతో సరిచూడాలి. ఇద్దరితో అన్నీ దొరకవు గానీ, తేదీలూ అర్హతలూ ఉన్న వాక్యాలకు మాత్రం ఈ పరీక్ష తప్పనిసరి చేయండి.

ఇంకొక్కటి మీ చేతుల్లోనే ఉంది. మూల వాక్యమే రెండర్థాలిస్తే వాటిలో ఒకదాన్ని ఎంచుకునే అధికారం అనువాదకుడికి లేదు. ఎంచుకుంటే నియమాన్ని తనే రాసినట్టు, ఎంచుకోకపోతే చిక్కును ఇంకో భాషకు అంటించినట్టు. ఇప్పుడు అతను మౌనంగా ఏదో ఒకటి చేస్తాడు. అనువాదానికి పంపే కాగితం మీద 'సందేహం' అని ఒక గడి పెట్టించండి. అందులో వాక్యాన్నీ, దాని రెండు అర్థాలనూ రాసి అతను వెనక్కి పంపుతాడు. ఉత్తర్వు తయారుచేసిన విభాగం ఒకదానికి టిక్కు పెట్టి సంతకం చేస్తుంది. ఆ టిక్కును బట్టి తమిళ ప్రతిని కూడా సరిదిద్దాలి.

ఇట్లు,
చెన్నైలోని కొందరు తెలుగు ఉపాధ్యాయులు, అనువాదకులు