రేపటి అలారంలో ఏం రాయాలి

నల్లగొండ,
ఆదివారం రాత్రి

అరేయ్ దోస్త్,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నా. పొద్దున ఆరున్నరకు ఫోన్‌లో "వయొలిన్ ప్రాక్టీస్" అని అలారం మోగుతది, నువ్వు దాన్ని నొక్కి మళ్ళీ దుప్పటి కప్పుకుంటవు. ఆ తర్వాత మెడికల్ షాపు తెరిచే టైమ్ అయిపోతది. ఆదివారం జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ పోయి సార్ ముందు కూర్చుంటే వారం కింద వాయించినట్టే వస్తది. నీకు బద్ధకం అని నువ్వు తీర్మానించుకున్నవు. నేను ఒప్పుకోను. తప్పు ఆ అలారం మీద ఉన్న రెండు మాటలది. ప్రాక్టీస్ అంటే ఏది, ఎంతసేపు, ఏం వస్తే ఆపొచ్చు, ఒక్కటీ చెప్పదు. నిద్రకళ్ళతో ఉన్న మనిషికి అంత పెద్ద పని అప్పజెప్తే ఎవడైనా దుప్పటే కప్పుకుంటడు.

నేను చేసేది చెప్తా. ప్రాక్టీస్ అయిపోయాక నోట్‌బుక్‌లో రెండు మూడు లైన్లు రాస్త. అందులో చివరి లైను రేపు చేయాల్సిన పని. ఆ లైనునే అప్పటికప్పుడు ఫోన్ తీసి రేపటి అలారం పేరుగా పెట్టేస్త. అంటే అలారం రోజూ మారుతది. పద్ధతి మొత్తం ఇంతే. కాకపోతే ఆ లైను ఎట్లా రాయాలన్నదే అసలు పని, అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

నువ్వు ఇరుక్కున్నది మూడో సరళి వరుస, రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో అన్నవు కదా. దాన్నే తీసుకుందాం. స రి గ స రి గ స రి, స రి గ మ ప ద ని స. రాగం మాయామాళవగౌళ. మన వయొలిన్‌లో మధ్య షడ్జం తీగ మీద చూపుడు వేలు రి, మధ్యవేలు గ, ఉంగరపు వేలు మ. ఈ రాగంలో రి షడ్జాన్ని ఆనుకొని ఉంటది, గ పోయి మ పక్కన కూర్చుంటది. మధ్యలో రి నుంచి గ దాకా పెద్ద ఖాళీ. ఒకటో వరుసలో ఆ ఖాళీని పైకి పోయేటప్పుడు ఒకసారి దాటితే సరిపోయె. మూడో వరుసలో ఒకే ఆవర్తంలో మూడుసార్లు దాటాలి, అదీ మధ్యలో స కు తిరిగొచ్చి మళ్ళీ. అందుకే రెండో గ దగ్గరికి వచ్చేసరికి మధ్యవేలు పూర్తిగా చాచకముందే పడిపోతది, గ కిందికి పలుకుతది. లేదంటే మధ్యవేలు చాపే ఊపులో చూపుడు వేలు కూడా దానితో జరిగి, రి పైకి పోతది. ఈ రెంటిలో నీది ఏదో ముందు తేల్చుకో, ఎందుకంటే రెండింటికీ చేయాల్సిన పని వేరు.

తేల్చుకోవడం కష్టమేం కాదు. రెండో గ దగ్గర విల్లు ఆపి, వేలు తీయకుండా పక్కన ఉంగరపు వేలు మ మీద పెట్టు. రెండు వేళ్ళు దాదాపు అంటుకోవాలి. మధ్యలో సందు కనిపించి, మ సరిగ్గా పలికితే గ కిందికి పడ్డట్టే. ఇంకోటి, తంబూర పెట్టుకుని గ ఒక్కటే నిండు విల్లుతో లాగి విను. సరిగ్గా ఉంటే శబ్దం తంబూరలో కలిసిపోతది, లేకుంటే అలల్లా ఊగుతది. ట్యూనర్ యాప్ ముల్లును మాత్రం నమ్మకు. ఆ యాప్‌లు కీబోర్డు లెక్కన కొలుస్తయి. తంబూరలో కలిసే మన గ, అంటే అంతర గాంధారం, ఆ లెక్కకంటే 14 సెంట్లు తక్కువ ఉంటది; కీబోర్డు మీద పక్కపక్క రెండు మెట్ల మధ్య దూరంలో నూరోవంతు ఒక సెంటు. నువ్వు సరిగ్గా పెట్టినా అది తక్కువైందని ఎర్రగా చూపిస్తది, నువ్వేమో వేలు జరుపుకుంటవు.

ఇక లక్ష్యం. "మూడో వరుస రెండో కాలం బాగా రావాలి" అని రాస్తే అది కోరిక. లక్ష్యంలో ఏ ముక్క, ఏ వేగం, ఎన్నిసార్లు అన్నవి ఉండాలి. రాకపోతే రాలేదని తెలిసిపోవాలి. నీకు మొదటి రోజు అలారం పేరు ఇట్లుండాలి: "స రి గ స రి గ, మెట్రోనోమ్ 60 మీద, గ పెట్టేటప్పుడు రి వేలు ఎత్తొద్దు, వరుసగా మూడుసార్లు." ఆరు స్వరాలే. పది నిమిషాల్లో అయిపోతది. వరుసగా అన్న మాట ముఖ్యం. రెండుసార్లు వచ్చి మూడోది పోతే లెక్క మళ్ళీ ఒకటి నుంచి. పది నిమిషాల్లో రాకపోతే ఆపేయ్, మొండిగా కూర్చోకు. ఎడమ చెయ్యి బొటనవేలి కింద గుంజినట్టు అనిపిస్తే అంతకుముందే ఆపేయ్.

వేగం విషయంలో నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. మనోళ్ళు ఒకటో కాలం రాగానే రెండో కాలం అంటరు. అంటే వేగం ఒకేసారి రెట్టింపు. 60 మీద ఒకటో కాలమంటే సెకనుకు ఒక స్వరం, రెండో కాలమంటే రెండు. మధ్యలో మెట్లే లేవు. నువ్వు మెట్లు కట్టుకో. ఒకటో కాలంలోనే మెట్రోనోమ్‌ను 60, 72, 84, 96, 108, 120 అని పెంచుకుంట పో. 120 దగ్గర ఒకటో కాలం అంటే 60 దగ్గర రెండో కాలం వేగమే. ఒక మెట్టు మీద మూడుసార్లు వరుసగా వస్తేనే పైమెట్టు. రాకపోతే మర్నాటికి ఒక మెట్టు కిందికి.

కానీ ఇక్కడొక తిరకాసు ఉంది, నీ నోట్‌బుక్ పనికొచ్చేది కూడా ఇక్కడే. 120 మీద శుభ్రంగా వాయించినోడు మెట్రోనోమ్‌ను తిరిగి 60కి తెచ్చి అదే వేగంలో రెండో కాలం వాయిస్తే తడబడతడు. వేళ్ళు చేసే పని అదే, వేగం అదే. మరి ఎందుకు? స్వరాలేమో మూడేసి, దెబ్బకు పడేవి రెండేసి. స రి, గ స, రి గ, స రి. దెబ్బ మొదట స మీద పడతది, తర్వాత గ మీద, తర్వాత రి మీద, మళ్ళీ స మీద. నీ మనసు మాత్రం ప్రతి స దగ్గర దెబ్బ పడాలని కోరుకుంటది. అందుకని రెండో స ను ముందుకు లాగుతవు, ఆ తొందరలో గ కిందికి పడుతది. వినేవాళ్ళకు అపస్వరం అనిపిస్తది, నువ్వు వేళ్ళను తిట్టుకుంటవు, తప్పు లయది.

అందుకే ఆ రెండు పరీక్షలూ వేరువేరుగా రాయాలి. ఉదాహరణకు మంగళవారం నీ పేజీ ఇట్లుండొచ్చు: "108 వచ్చింది. 120 మూడోసారి పోయింది, రెండో గ కింద. రేపు: 108 నుంచే మొదలు." శుక్రవారం: "120 వరుసగా మూడు. 60 మీద రెండో కాలం రెండుసార్లూ తప్పింది, గ బాగానే ఉంది, తొందర. రేపు: వయొలిన్ లేకుండా, నోటితో, చేతితో తాళం." ఈ రెండో లైను చదివితే వేళ్ళ పని అయిపోయిందని తెలుస్తది. ఇక వయొలిన్ ముట్టుకోవాల్సిన పని లేదు. జడ్చర్ల బస్సులో కూర్చుని తొడ మీద ఆది తాళం వేసుకుంట, దెబ్బ పడిన స్వరాన్ని కొంచెం గట్టిగా అనుకుంట పో. పక్కసీటోడు వింతగా చూస్తే చూడనీ. "ప్రాక్టీస్ చేశాను, పర్వాలేదు" అని రాసుకుంటే ఈ సంగతి నెల గడిచినా తెలియదు.

ఏది మెరుగైందో రాసేటప్పుడు ఒక జాగ్రత్త. పది నిమిషాలు రుద్దినాక చివర్లో వచ్చింది చూసి "వచ్చేసింది" అని రాయకు. అప్పుడు వేలికి ఆ చోటు ఇంకా వెచ్చగా గుర్తుంటది. మర్నాడు పొద్దున తీగలు శ్రుతి చేసుకున్నాక, వేరే ఏదీ వాయించకముందు, మొదటిసారి ఎట్లా వచ్చిందో అదే అసలు లెక్క. ఆ మొదటి ప్రయత్నాన్ని ఫోన్‌లో అర నిమిషం రికార్డు చెయ్యి. వెంటనే వినకు, సాయంత్రం షాపులో జనం లేనప్పుడు విను. వాయిస్తూ ఉన్నప్పుడు మన చెవి మనవైపే మాట్లాడుతది.

అవరోహణకు ఇంత చెప్పక్కర్లేదు. పంచమం తీగ మీద ద ని స కు కూడా వేళ్ళు అట్లనే పడతయి. ఒక లాభం కూడా ఉంది. తారషడ్జం సరిగ్గా పడితే పక్కనున్న మధ్య షడ్జం తీగ ముట్టకుండానే వణుకుతది. కంటితో చూడొచ్చు.

ఇప్పుడు ఎండాకాలం గనక ఒక మాట. నల్లగొండలో మధ్యాహ్నం 44 దాటుతుంది, మీ పాలమూరు దిక్కూ తక్కువేం కాదు. ఈ పొడి గాలికి బిరడాలు జారి శ్రుతి దిగుతది. నోట్‌బుక్‌లో "గ కింద" అని రాసేముందు తీగ దిగిందేమో చూసుకో, లేకపోతే లేని తప్పుకు వేలిని శిక్షిస్తవు. రోజిన్‌ను షాపులో ఎండ తగిలే అద్దం దగ్గర పెట్టకు, మెత్తబడి జిగురవుతది. వీలైతే అలారం ఆరుకు జరుపు. ఆ తర్వాత కరెంటు పోతే ఫ్యాన్ లేక చేతికి చెమట పట్టి వేలు తీగ మీద జారుతది. రాత్రి వాయించాల్సి వస్తే బ్రిడ్జి మీద మ్యూట్ పెట్టుకో. మీ పక్కింటి పెద్దమ్మ సంగతి నాకు తెలుసు.

ఈ పద్ధతి అన్నిటికీ పనిచేస్తదని మాత్రం అనుకోకు. వరుసలకు, అలంకారాలకు, కీర్తనలో ఇరుక్కున్న ఒక సంగతికి పనికొస్తది. రేపు నువ్వు తోడి రాగంలో గాంధారాన్ని ఊపడం నేర్చుకునేటప్పుడు "72 మీద మూడుసార్లు" అని రాస్తే అర్థం లేదు. అది సార్ దగ్గర కూర్చుని విని విని పట్టుకోవాల్సింది. అట్లనే నీ వీపు వంగుతుందో, వయొలిన్ తల పాదం మీద నుంచి జారుతుందో నోట్‌బుక్ చెప్పదు. కాబట్టి ఆదివారం నోట్‌బుక్ వెంట తీసుకుపో. "సార్, రెండో గ దగ్గర శుక్రవారం నుంచి తొందర పడుతున్నా" అని చూపిస్తే ఆయన పాఠమంతా మొదటినుంచి వినకుండా సూటిగా అక్కడికే వస్తడు.

ఈ రాత్రే ఒక పాత రూళ్ళ నోట్‌బుక్ తీసి, అలారం పేరు మార్చు. మొదటి వారం పేజీల ఫోటో నాకు వాట్సాప్ చెయ్యి, కానీ బాగు చేసి తిరగరాసినవి కాదు, కొట్టివేతలతో సహా. వచ్చే నెల పెళ్ళికి మిర్యాలగూడ వస్తవు కదా, వచ్చేటప్పుడు విల్లు తెచ్చుకో. వెంట్రుకలు ఒకవైపే ఊడుతున్నయన్నవు, ఒకసారి చూస్తా.

ఉంటా మరి,
నీ దోస్తు