ఒక పేజీకి పదకొండు రోజులు

ఒరేయ్,

ఫోన్ చేయకుండా ఉత్తరమేంటా అనుకుంటున్నావు కదూ. ఫోన్‌లో అయితే నువ్వేదో జోకేస్తావు, సందు దొరికింది కదా అని నేనూ మాట మార్చేస్తాను. అందుకే కాగితం.

అమ్మాయికి క్షమాపణ ఉత్తరం రాశాను. దానికిప్పుడు 34 ఏళ్లు. ఒక్క పేజీకి పదకొండు రోజులు పట్టింది.

నోటుబుక్కు సంగతి నీకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజు నువ్వు మా ఇంట్లోనే ఉన్నావు. దానికప్పుడు పదిహేనేళ్లు. పుస్తకాల అడుగున దాచుకున్నది లాగి, హాల్లో అందరి ముందూ వెటకారంగా పైకి చదివాను. అది నా మొహం చూడలేదు, నా చేతిలో ఉన్న పేజీనే చూస్తూ నిలబడింది. నువ్వు "చాల్లే, ఇచ్చెయ్‌రా" అన్నావు. నేను ఇంకో పేజీ తిప్పాను.

ఇప్పటికీ నాకు దాని నుంచి వచ్చే మెసేజీలు "చేరాను", "సరే", "బాగున్నాను". ఒక్క మాటకు మించవు. దాని స్వభావమే అంత అనుకున్నాను ఇన్నాళ్లూ. మొన్న వాళ్లమ్మకు అది పంపిన మెసేజ్ చూశాను (ఈసారి అడిగే చూశాన్లే). ఫోన్ తెర మూడుసార్లు జరిపితే గానీ అయిపోలేదు. నవ్వులు, ఆఫీసు కబుర్లు, ఎవరినో అనుకరిస్తూ రాసిన మాటలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు కూర్చుని గబగబా నాలుగు పేజీలు రాసేశాను. చదువుకుంటే మూడు పేజీలు నా గురించే. మా నాన్న నన్నెలా కొట్టేవాడు, ఉద్యోగంలో ఎంత టెన్షన్, ఆడపిల్ల తండ్రిగా నా భయాలు. అబద్ధమేం కాదు, అన్నీ నిజాలే. అయినా ఆ పేజీలు చదివితే అది నన్ను ఓదార్చాల్సి వస్తుంది. క్షమాపణ అడిగేవాడు ఓదార్పు కూడా గుంజుకుంటే ఎలారా? ఆ మూడు పేజీలూ చింపేశాను.

మిగిలిన పేజీలో "నా వల్ల నువ్వు బాధపడి ఉంటే" అని ఉంది. ఉంటే ఏమిటి? బాధపడింది, నేను చూస్తూనే ఉన్నాను. ఇంకోచోట "కొన్ని తప్పులు జరిగాయి" అని రాశాను. వాన కురిసినట్టు వాటంతటవే జరిగాయా? "చేశాను" అని మార్చడానికి చెయ్యి ఎంతసేపటికీ కదల్లేదు తెలుసా. "కొన్ని తప్పులు" అన్నదీ తీసేసి, ఏం చేశానో అదే రాశాను. "కానీ" ఎక్కడుందో వెతికితే, ప్రతిసారీ దాని వెనకాల "నీ మంచి కోసమే" నక్కి ఉంది. రెండూ కొట్టేశాను.

చివరికి మిగిలింది ఇది:

"నీకు పదిహేనేళ్లప్పుడు నీ నోటుబుక్కు నీ అనుమతి లేకుండా తీసి, అందరి ముందూ చదివి నవ్వాను. నువ్వు ఆపమని అడగలేదు. అడిగే ధైర్యం నీకు లేకుండా అప్పటికే చేశాను. అది క్రమశిక్షణ కాదు, నిన్ను అవమానించడం. నన్ను క్షమించాలని గానీ, దీనికి జవాబు రాయాలని గానీ నేను అడగను. నాకు గుర్తులేనివి నీకు చాలా గుర్తుండొచ్చు. ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే, మధ్యలో మాట్లాడకుండా వింటాను."

ఆ ఆఖరి వాక్యం దగ్గరే నా భయం. దాని మనసులో పెద్ద దెబ్బ నోటుబుక్కు కాకపోవచ్చు. నేను పూర్తిగా మరిచిపోయినది ఏదో చెబితే, "అలా ఎప్పుడు చేశాను?" అని నా నోటికి ముందే వచ్చేస్తుంది. నువ్వు చూశావుగా నా నోరు. అందుకని వాళ్లమ్మతో ఇప్పుడే రిహార్సల్ చేస్తున్నాను. ఆమె నా మీద పాత ఫిర్యాదొకటి చెబుతుంది, నేను నోరు మూసుకుని వినాలి. నిన్న రెండు నిమిషాలు ఆగగలిగాను. ఆమె దగ్గర ఫిర్యాదులకు కొరత లేదు కాబట్టి సాధన బాగానే సాగుతుంది.

ఇంకో సంగతి. ఉత్తరం అందిందా, చదివిందా, ఏడ్చిందా అని వాళ్లమ్మ చేత అడిగించనని మాటిచ్చాను. ఇన్నేళ్లూ అలాగే కదా, నేను అడగాల్సినవన్నీ ఆవిడ చేత అడిగించింది. నెల పట్టనీ, ఏడాది పట్టనీ. అసలు జవాబే రాకపోతే అదీ దాని ఇష్టమే.

నీకు రెండు పనులు. ఒకటి, ఆ రోజు నేను ఎన్ని పేజీలు చదివానో నీకేమైనా గుర్తుందా? రెండే అని నాకనిపిస్తోంది, నా జ్ఞాపకం నాకు అనుకూలంగా తగ్గించిందేమోనని అనుమానం. నిజం రాయి, ఆ తర్వాతే పోస్ట్ చేస్తాను. రెండోది, నువ్వంటే దానికి చనువు కదా అని ఫోన్ చేసి "పాపం మీ నాన్న మారిపోయాడమ్మా" అనకు. చచ్చినా అనకు.

నీ
పాత మూర్ఖుడు