మీ స్పామ్ ఫిల్టర్‌లో చిక్కుకుపోతున్న మంచి మెయిల్స్ గురించి ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: ఫిల్టర్ హద్దును 5 నుంచి 8కి మార్చాలని, స్పామ్ అనుకుని పొరపాటున ఆపేసిన మంచి మెయిల్స్‌ని, అంటే ఫాల్స్ పాజిటివ్‌లను, సరిగ్గా కొలవాలని కోరుతూ.

అయ్యా/అమ్మా,

మాది అనువాదాలు, ప్రూఫ్ రీడింగ్ చేసే చిన్న ఆఫీసు. మాకు పని దాదాపు అంతా మెయిల్ ద్వారానే వస్తుంది. ఆ మెయిల్ మీ సర్వర్ మీద నడుస్తోంది. రెండు నెలల క్రితం ఒకావిడ ఫోన్ చేసి, "మూడు సార్లు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. పని వేరేవాళ్లకి ఇచ్చేశాం, ఆ మాట చెబుదామనే ఫోన్ చేశాను" అన్నారు. వెతికితే మూడో మెయిల్, స్పామ్ అనుకున్నవాటిని మీ ఫిల్టర్ పక్కన పెట్టే క్వారంటైన్‌లో దొరికింది. మొదటి రెండూ 14 రోజులు దాటడంతో మీ సిస్టమ్ తొలగించేసింది. దొరికిన మెయిల్‌లో ఉన్నది ఒకే వాక్యం, ఫైల్ కోసం ఒక లింకు, సబ్జెక్టులో "అర్జెంట్" అనే మాట. మీ ఫిల్టర్ దానికిచ్చిన స్పామ్ స్కోరు 5.3, అది మీ హద్దు 5ని దాటింది కాబట్టి ఆగిపోయింది. దాని హెడర్‌లో ఇలా ఉంది:

```
X-Spam-Status: Yes, score=5.3 required=5.0
```

మీకు ఫిర్యాదు చేస్తే, మీ ఫిల్టర్ 99.4 శాతం కచ్చితంగా పనిచేస్తోందని, మా ఖాతా నుంచి "ఇది స్పామ్ కాదు" అని వచ్చిన రిపోర్టులు నెలకి మూడేనని జవాబిచ్చారు. ఆ రెండు అంకెల్లోనూ అబద్ధం లేదు. కానీ నేను అడిగిన ప్రశ్నకి ఆ రెండూ జవాబు కావు. అందుకే ఒక నెల పాటు మేమే లెక్కపెట్టాం. క్వారంటైన్‌లో పడ్డ ప్రతి మెయిల్‌నీ మీరు తొలగించేలోపే దించుకుని, నలుగురం పంచుకుని కళ్లతో చూశాం.

ఆ నెలలో మొత్తం 5,000 మెయిల్స్ వచ్చాయి. అందులో నిజమైన స్పామ్ 3,800, మంచివి 1,200. ఆరు స్పామ్ మెయిల్స్ ఇన్‌బాక్స్‌లోకి జారిపోయాయి, 24 మంచి మెయిల్స్ క్వారంటైన్‌లో పడ్డాయి. మొత్తం 30 తప్పులు, 5,000లో 30 అంటే 0.6 శాతం. మీరు చెప్పిన 99.4 ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. కానీ మంచి మెయిల్ పోతోందా అని అడిగినప్పుడు స్పామ్‌ని కూడా కలిపి భాగించకూడదు. మంచి మెయిల్స్‌లో ఎన్ని పోయాయో మంచి మెయిల్స్‌తోనే భాగించాలి. 1,200లో 24 అంటే 2 శాతం, ప్రతి యాభైలో ఒకటి. రేపు స్పామ్ రెట్టింపైతే, ఫిల్టర్ ఏమీ మెరుగుపడకపోయినా మీ 99.4 ఇంకా పెరుగుతుంది. మాకు పోయే మెయిల్స్ మాత్రం అవే 24.

రిపోర్టుల సంగతి కూడా చెప్పాలి. 24 పోతే మా వాళ్లు రిపోర్ట్ చేసింది మూడే, ఎందుకంటే రావాల్సిన మెయిల్ అని ముందే తెలిసినప్పుడే ఎవరైనా క్వారంటైన్‌లో వెతుకుతారు. వస్తుందని తెలియని మెయిల్‌ని ఎవరు వెతుకుతారు? కాబట్టి రిపోర్టులు తక్కువగా ఉంటే తప్పులు తక్కువని కాదు. అసలు సంఖ్య తెలియాలంటే క్వారంటైన్ నుంచి కొన్ని మెయిల్స్‌ని యాదృచ్ఛికంగా తీసి, వాటి యజమానుల అనుమతితో ఒక మనిషి చూడాల్సిందే.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇంకొకటి. ఆ 1,200 మంచి మెయిల్స్‌లో మాకు మొదటిసారి రాసినవాళ్లవి 150. పోయిన 24లో 19 వాళ్లవే. అంటే కొత్తగా మా తలుపు తట్టిన ప్రతి ఎనిమిది మందిలో ఒకరిని మీ ఫిల్టర్ బయటే ఆపేసింది. పాత కస్టమర్ జవాబు రాకపోతే ఫోన్ చేస్తాడు, కొత్తవాళ్లు చెయ్యరు. ఆవిడ చేశారు కాబట్టి ఇదంతా బయటపడింది. మిగిలిన ఐదూ వేరే అడ్రస్ నుంచి ఫార్వర్డ్ అయి వచ్చినవి. దారిలో సర్వర్ మారడంతో, ఆ అడ్రస్ తరఫున మెయిల్ పంపే అనుమతి ఆ సర్వర్‌కి ఉందో లేదో చూసే ఎస్పీఎఫ్ తనిఖీలో ఫెయిలై వాటి స్కోరు పెరిగింది.

ఇక హద్దు. ప్రతి మెయిల్‌కీ స్కోరు మా దగ్గర ఉంది కాబట్టి, హద్దు 5 కాకుండా 8 అయితే ఏమయ్యేదో చూశాం. పోయే మంచి మెయిల్స్ 24 నుంచి 2కి తగ్గుతాయి, ఇన్‌బాక్స్‌లోకి వచ్చే స్పామ్ 6 నుంచి 95కి పెరుగుతుంది. అంటే 22 మంచి మెయిల్స్ దక్కించుకోవడానికి 89 స్పామ్‌లు భరించాలి, ఒక్కో దానికి నాలుగు చొప్పున. ఆఫీసు మొత్తానికి రోజుకి మూడు స్పామ్‌లు అదనం. ఒక్కోటి తీసెయ్యడానికి ఐదు సెకన్లు పడుతుంది. పోయిన మెయిల్ ఖరీదు ఒక పని, ఒక్కోసారి ఒక కస్టమర్. ఆ నష్టం ఎన్ని స్పామ్‌లకి సమానమో కచ్చితంగా తేల్చనక్కర్లేదు. ఐదింటికి సమానమనుకున్నా 8కి మారడమే లాభం, మా లెక్కలో అది యాభైకి తక్కువ ఉండదు. అలాగని హద్దుని ఇంకా పెంచమనట్లేదు. 10 పెడితే ఇంకొక్క మంచి మెయిల్ దక్కుతుంది, దాని కోసం మరో 215 స్పామ్‌లు వచ్చి పడతాయి. అది మాకు గిట్టదు.

మీ హెడర్ తీరు స్పామ్‌అసాసిన్ అనే స్పామ్ ఫిల్టర్ ప్రోగ్రామ్‌ది. అందులో డీఫాల్ట్‌గా ఉండే హద్దు 5. ఆ హద్దు చాలా దూకుడైనదని, ఒక్కరే వాడుకునే చోట సరిపోతుందని, చాలామందికి సేవలిచ్చే సంస్థలు 8 లేదా 10 లాంటి అంకె పెట్టుకోవడం మంచిదని దాని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. మీరు వేల మందికి మెయిల్ నడుపుతూ ఒక్కరికి సరిపోయే అంకెని ఎందుకు ఉంచారో నాకు అర్థం కాలేదు.

మా లెక్కకీ పరిమితి ఉంది. 1,200లో 2 అనేది చిన్న సంఖ్య, వచ్చే నెల అది 5 కావచ్చు. అసలు ఒక్కటీ పోలేదనుకున్నా, 1,200 మెయిల్స్ చూసి గట్టిగా చెప్పగలిగేది 400లో ఒకటి కంటే ఎక్కువ పోవట్లేదని మాత్రమే. పైగా 8ని ఏ నెల మెయిల్స్ చూసి ఎంచుకున్నామో ఆ నెల మీదే దాన్ని పరీక్షించాం కాబట్టి ఫలితం కాస్త ఎక్కువ అందంగా కనిపిస్తుంది. ఇంకో నెల మెయిల్స్ మీద సరిచూడాలి. ఆ పని మీరు చెయ్యండి, మా స్కోర్ల పట్టిక మొత్తం జతచేస్తున్నాను.

మా ఖాతాకి వెంటనే హద్దు 8 చెయ్యండి. 8 దాటినవాటిని చడీచప్పుడు లేకుండా తొలగించకుండా, పంపినవారి పేరు, సబ్జెక్టు, స్కోరుతో రోజుకో జాబితా మాకు పంపండి. మరీ ఎక్కువ స్కోరు వచ్చినవాటిని ఆపాలంటే, మీ సర్వర్ వాటిని తీసుకోకముందే 550 కోడ్‌తో తిరస్కరించండి. అప్పుడు నిజమైన మనిషి రాసి ఉంటే తన మెయిల్ చేరలేదని తెలిసి ఫోనైనా చేస్తాడు. తీసుకున్న తర్వాత వెనక్కి పంపితే మాత్రం, స్పామర్లు దొంగిలించి వాడిన అడ్రస్‌ల వాళ్లకి ఆ చెత్త వెళ్లి పడుతుంది, అలా చెయ్యొద్దు. వచ్చే నెల నుంచి మీ నివేదికలో 99.4 పక్కన, మంచి మెయిల్స్‌లో ఎంత శాతం ఆగిపోయాయో, కొత్తవాళ్ల మెయిల్స్‌లో ఎంత శాతం ఆగిపోయాయో విడివిడిగా రాయండి.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. ఆ జవాబు కూడా ఫోన్ చేసి చెప్పాకే పంపండి. మీ మెయిల్ మాకు చేరుతుందన్న నమ్మకం ఇప్పుడు నాకు లేదు.

ఇట్లు,
మీ ఖాతాదారు

జతపరిచినవి: 5,000 మెయిల్స్ స్కోర్ల పట్టిక, ఆగిపోయిన 24 మెయిల్స్ హెడర్లు.