అలారం మోగాక 26 నిమిషాలు, అందులో 15 మావే

సంపాదకుల వారికి,

హైదరాబాద్‌లో స్టిల్టు మీద తొమ్మిది అంతస్తులు, 54 ఫ్లాట్లు ఉన్న ఒక అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కార్యదర్శిని. గత నెల ఒక తెల్లవారుజామున మా స్టిల్టులో ఉన్న కరెంటు మీటర్ల ప్యానెల్ అంటుకుంది. అదృష్టవశాత్తూ ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. పొగ పట్టిన ఇద్దరిని ఆస్పత్రికి తీసుకెళితే సాయంత్రానికి ఇంటికి వచ్చేశారు. తర్వాత సర్వసభ్య సమావేశం కోసం ఏ నిమిషంలో ఏం జరిగిందో ఒక నివేదిక రాశాను. అది మా గేటు లోపలే ఉండిపోకూడదనిపించి మీకు రాస్తున్నాను.

టైములు పోల్చడమే పెద్ద పని అయింది. అలారం ప్యానెల్ గడియారం సరిగానే ఉంది కానీ, సీసీ కెమెరాల గడియారం మూడు నిమిషాలు ముందుంది. వాచ్‌మన్ ఫోన్లో కాల్ చేసిన సమయం పట్టుకుని రెండింటినీ సరిచేశాను. తేలింది ఇది: 5 గంటల 12 నిమిషాలకు అలారం మోగింది. 5.21కి 101కి ఫోన్ చేశాం. 5.32కి ఫైరింజన్ మా గేటు దగ్గరికి వచ్చింది. 5.38కి బ్లాకు దగ్గర పని మొదలుపెట్టింది. మొత్తం 26 నిమిషాల్లో ఫైరింజన్ దారిలో ఉన్నది 11 నిమిషాలే. మిగతా 15 నిమిషాలు మేం పోగొట్టుకున్నవి.

మొదటి తొమ్మిది నిమిషాలు ఎలా పోయాయో చెప్పాలి. ప్యానెల్ మీద మూడో అంతస్తు దీపం వెలిగింది. మా వాచ్‌మన్ సైలెన్స్ బటన్ నొక్కి హూటర్ ఆపేశాడు. అతన్ని తప్పుపట్టలేను. మూడో అంతస్తులో ఒక ఫ్లాటులో టైల్స్ కోసే పని జరుగుతోంది, ఆ దుమ్ముకు అంతకుముందు నెలలో నాలుగుసార్లు అలారం ఉత్తుత్తిగా మోగింది. ప్రతిసారీ జనం అతని మీదే విసుక్కున్నారు. "మోగగానే ముందు ఆపెయ్" అని చెప్పినవాళ్లలో మా కమిటీ సభ్యులూ ఉన్నారు.

కానీ 5.16కి ఐదో అంతస్తు దీపం కూడా వెలిగి హూటర్ మళ్లీ మోగింది. అతను మళ్లీ ఆపాడు. తెలుసుకోవాల్సింది ఇక్కడే ఉంది. దుమ్ముకో, అగరబత్తి పొగకో, సెన్సర్‌లో దూరిన పురుగుకో అలారం మోగితే సాధారణంగా ఒక్క అంతస్తు దీపమే వెలుగుతుంది. నాలుగు నిమిషాల్లో రెండో అంతస్తు దీపం వెలిగిందంటే పొగ కదులుతోందని అర్థం. అప్పుడు పైకి వెళ్లి చూసిరావడానికి కూడా ఆగకూడదు, 101కి ఫోన్ చేసెయ్యాలి. అతను లిఫ్టులో మూడో అంతస్తుకు వెళ్లి చూసి వచ్చాడు. అప్పుడు లిఫ్టు ఎక్కడమే ప్రమాదమని అతనికి ఎవరూ చెప్పలేదు. 5.19కి నాకు ఫోన్ చేసి, "సార్, పైన మంటేం లేదు, కానీ వైర్లు కాలిన వాసన గట్టిగా వస్తోంది" అన్నాడు. హూటర్ మళ్లీ వెయ్యమని చెప్పి నేను కిందికి పరుగెత్తాను. 101కి నేను ఫోన్ చేసింది స్టిల్టులో పొగ కళ్లారా చూశాకే. ఆ రెండు నిమిషాలు నావి.

మంట కింద ఉంటే మూడు, ఐదు అంతస్తుల్లో దీపాలు ఎందుకు వెలిగాయని చాలామంది అడిగారు. మీటర్ల దగ్గర సెన్సర్ లేదు. అక్కడి నుంచి కేబుళ్లు పైకి వెళ్లే డక్ట్ ఉంది. ప్రతి అంతస్తు శ్లాబులో కేబుళ్ల చుట్టూ ఉన్న ఖాళీని మంటకు తట్టుకునే పూతతో మూసెయ్యాలి. కట్టినప్పుడు మూశారు. ఆ తర్వాత ఇంటర్నెట్ వైర్లు లాగినవాళ్లు దాన్ని పొడిచి, అలాగే వదిలేసి వెళ్లారు. పొగకు అది చిమ్నీ అయింది. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో రసాయనాల డ్రమ్ములు పెట్టిన కింది అంతస్తులో మంట లేచి, పై అంతస్తుల్లో ఉన్న తొమ్మిది మంది చనిపోయిన సంగతి మనందరికీ గుర్తుంది. కింద పుట్టిన పొగ పైన నిద్రపోతున్నవాళ్ల దగ్గరికి వెళ్తుంది.

ఇక జనం దిగిన తీరు. మాకు రెండు మెట్లదారులు. డక్ట్ పక్కనున్న మెట్లకు వాటంతట అవే మూసుకునే ఫైర్ డోర్లు ఉన్నాయి. గాలి రావాలని మూడు, ఐదు అంతస్తుల్లో వాటిని కొబ్బరితాడుతో రెయిలింగుకు కట్టేశారు. పొగ ఆ రెండు చోట్ల నుంచే మెట్లలోకి వచ్చింది. పై అంతస్తుల వాళ్లు ఆ తలుపు తీసి, దగ్గుతూ వెనక్కి తిరిగి, రెండో మెట్ల వైపు వెళ్లారు. అక్కడ రెండో అంతస్తు మలుపులో రెండు పిల్లల సైకిళ్లు, ఒక చెప్పుల స్టాండు. ఏడో అంతస్తులో మోకాలి ఆపరేషన్ అయిన పెద్దావిడ ఉన్నారని కింద ఎవరికీ గుర్తు రాలేదు, కోడలు పైనుంచి కేకలు వేస్తేనే తెలిసింది. ఇద్దరు కుర్రాళ్లు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొస్తుంటే ఆ మలుపులో కుర్చీ పట్టలేదు. ఒకరు సైకిళ్లు ఎత్తి పట్టుకుంటే మరొకరు ఆమెను చేతుల మీద దించారు. 5.20కి హూటర్ మళ్లీ మోగితే ఆమె బయటికి వచ్చింది 5.41కి.

ఫైరింజన్ గేటు దగ్గర ఆరు నిమిషాలు ఆగింది. లోపలి దారిలో అడ్డంగా మూడు కార్లు ఉన్నాయి. వాటి ఓనర్లు అప్పటికే దిగి బయట నిలబడి ఉన్నారు, తాళాలు మాత్రం ఇళ్లల్లో ఉండిపోయాయి. అందరూ కలిసి రెండింటిని తోశారు, మూడోది హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంది. ఈలోగా 1912కి ఫోన్ చేస్తే కరెంటు సిబ్బంది వచ్చి సప్లై ఆపారు. వెంటనే మా జనరేటర్ దానంతట అదే స్టార్టయింది! కాలుతున్న ప్యానెల్‌కే మళ్లీ కరెంటు ఇస్తోందని మాకు తట్టలేదు, ఫైర్ సిబ్బందిలో ఒకాయన చప్పుడు విని పరుగెత్తి ఆపారు. మెయిన్ ఆపేముందే జనరేటర్‌ను ఆటో నుంచి తప్పించాలని ఇప్పుడు దాని మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాం.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం డ్రిల్ చేశాం. తాళ్లు కోసేశాం, మెట్లు ఖాళీ చేయించాం, నడవలేనివాళ్లు ఏ ఫ్లాట్లలో ఉన్నారో, వాళ్లను దించే బాధ్యత ఎవరిదో రాసి సెక్యూరిటీ గదిలో పెట్టాం. చివరి మనిషి బయటికి రావడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. పగటిపూట, ముందే చెప్పి చేసిన డ్రిల్ కనుక దీన్ని ఆ తెల్లవారుజాముతో సమానంగా చూడలేను.

అగ్నిమాపక శాఖకు, నగరపాలక సంస్థకు నా విన్నపం ఒకటే. మా భవనానికి తనిఖీకి వచ్చినప్పుడు ట్యాంకులో నీళ్లు, పంపు ప్రెషర్, సిలిండర్ల మీద తేదీలు చూశారు. అవి చూడాల్సినవే. వాటితో పాటు అలారం మోగిన ఎన్ని నిమిషాలకు 101కి ఫోన్ వెళ్లింది, ఎన్ని నిమిషాలకు చివరి మనిషి దిగాడు అనే డ్రిల్ కాగితం కూడా అడగండి. ఎత్తయిన భవనాల్లో ఆరు నెలలకు ఒకసారైనా డ్రిల్ జరగాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతూనే ఉంది. ఫైరింజన్ దారిలో కారు పెట్టినవాళ్లకు జరిమానా వేసే అధికారం స్పష్టంగా ఇవ్వండి. మా సంఘం నోటీసుకు ఆ కార్లు కదలడం లేదు. నిన్న రాత్రి కూడా ఆ దారిలో ఒక కారు ఉంది.

ఇట్లు,
ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి,
హైదరాబాద్