నిమిషానికి వెయ్యి పదాల కోర్సు గురించి అడుగుతున్న తల్లిదండ్రులకు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

రెండో విడత ఫీజు ఈ నెల 20 లోపు కట్టేయండి. కందుకూరు రూటు బస్సు సోమవారం నుంచి పది నిమిషాలు ముందే బయల్దేరుతుంది. తల్లిదండ్రుల సమావేశం రెండో శనివారం ఉదయం 10 గంటలకు. ఇక అసలు సంగతికొస్తాను.

దసరా సెలవుల్లో కావలిలో జరిగిన స్పీడ్ రీడింగ్ క్యాంపుకు మన పిల్లలు పద్నాలుగు మంది వెళ్లొచ్చారు. అప్పట్నుంచీ గేటు దగ్గర ఇదే మాట. నిమిషానికి వెయ్యి పదాలు చదివిస్తారట, మావాణ్ణి కూడా చేర్చమంటారా అని అడుగుతున్నారు. చేర్చొద్దనే నా సలహా.

చదివేటప్పుడు కన్ను లైను వెంట జారుతూ పోదు. ఒకచోట ఆగి చూస్తుంది, అక్కణ్ణుంచి గెంతుతుంది. ఆగేది సుమారు పావు సెకను; గెంతేటప్పుడు ఏ అక్షరమూ అందదు. ఆ లెక్కన నిమిషానికి 240 ఆగుళ్లు. వెయ్యి పదాలు చదవాలంటే ఆగిన ప్రతిచోటా నాలుగేసి పదాలు పట్టుకోవాలి. కంటికి అక్షరాలు తేటగా కనబడేది మాత్రం చాలా చిన్న మేర, దాని పక్కనున్నదంతా మసకే. ఎంత సాధన చేసినా ఆ మేర పెరగదు. కాబట్టి వెయ్యి పదాలు చదివామంటే చాలావరకు వదిలేశామనే అర్థం. తెలిసిన విషయంలో సారాంశం ఏరుకోవడానికి అది సరిపోతుంది గానీ పాఠం నేర్చుకోవడానికి పనికిరాదు.

మొన్నటి సోషల్ యూనిట్ టెస్టులో ‘కింది వాటిలో పెన్నా నది మీద లేనిది ఏది?’ అని అడిగాం. సోమశిల, సంగం బ్యారేజీ, నెల్లూరు బ్యారేజీ, కండలేరు అని నాలుగిచ్చాం. జవాబు కండలేరు. క్యాంపుకు వెళ్లిన పిల్లల్లో తొమ్మిది మంది మాత్రం సోమశిలకు టిక్కు పెట్టారు. కండలేరుకు సోమశిల నుంచి కాలువలో నీళ్లొస్తాయని వాళ్లకు తెలియక కాదు, నోటితో అడిగితే టక్కున చెప్పారు. ‘లేనిది’ అన్న మాట వాళ్ల కంట పడలేదు. మన భాషలో లేదు, కాదు, చేయడు అన్నవి వాక్యం చివర్లో, ఒక్కోసారి క్రియ తోకలో ఒక్క అక్షరంగా వస్తాయి. పేర్లు ఏరుకుంటూ పరిగెత్తే కన్నుకు ముందుగా దొరకనిది అదే. పైగా క్యాంపులో వెనక్కి తిరిగి చూడొద్దని, మనసులో పలకొద్దని నేర్పారట. అర్థం కాని చోటుకు కన్ను తనంతట తాను వెనక్కి వెళ్తుంది, చదివింది సరిదిద్దుకునే దారి అది. లోపల పలుకుతున్న గొంతును నొక్కేస్తే కాస్త కష్టమైన వాక్యం అందకుండా పోతుంది.

మరి నిజంగా వేగం పెంచే పని ఏది? కూడబలుక్కుంటూ చదివే పిల్లలకు ఒకే పేరాను పైకి మళ్లీ మళ్లీ చదివించడం. వందా నూటయాభై పదాల పేరా తీసుకోండి. మొదట మీరు ఒకసారి చదివి వినిపించండి, తర్వాత బిడ్డ చదవాలి, మీరు టైము చూడాలి. తడబడిన మాటను అక్కడికక్కడే పలికించండి. రోజుకు నాలుగుసార్లు చాలు. మన ఏడో తరగతి బాబొకడు 120 పదాల పేరాకు మొదటిసారి రెండు నిమిషాలు తీసుకున్నాడు, ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’ దగ్గర ఆగిపోయాడు. నాలుగోసారికి నిమిషం పది సెకన్లలో ముగించాడు. ఆ పేరా కంఠతా వచ్చేయడమే కారణమా అనే అనుమానంతో కొత్త పేరా ఇచ్చాం. రెండు వారాలయ్యాక కొత్తదాన్ని కూడా నిమిషంన్నరలో చదివి, అడిగిన ఐదింటిలో నాలుగు చెప్పాడు. ఆ బిడ్డను చూస్తే మా అందరికీ ఎంత గర్వంగా ఉందో!

బాగా చదివేవాళ్ల వేగం లైబ్రరీలో పెరుగుతుంది. ఎక్కువ మాటలు ఎరిగిన కన్ను ఒక్కోచోట తక్కువసేపు ఆగుతుంది, తెలిసిన విషయమైతే ముందేం రాబోతుందో మనసే అందిస్తుంది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి జూన్ నుంచి ముప్ఫై ఒక్క పుస్తకాలు చదివింది. క్లాసులో అందరికన్నా ముందు పాఠం ముగించేది ఆమే, ఏ కోర్సుకూ పోలేదు! దయచేసి లైబ్రరీ పీరియడు తీసేసి లెక్కల ట్యూషను పెట్టమని అడగకండి. నేనొప్పుకోను.

ఇంటి సంగతి కూడా చెప్పాలి, ఏమీ అనుకోవద్దు. సీరియల్ నడుస్తుండగా ఆ గదిలోనే బిడ్డను కూర్చోబెట్టి ‘గబగబా కానీయ్’ అంటే చదువు రాదు. రాత్రి పదింటికి, మీ చేతిలో ఫోన్ పెట్టుకుని అనే ఆ మాటను పిల్లలు మాకు యథాతథంగా వినిపిస్తున్నారు.

ఈ ఆదివారం సోషల్ పుస్తకంలో చదవని రెండు పేజీలు మామూలుగా చదివించి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. పుస్తకం మూసి ఐదు ప్రశ్నలడగండి, ఒకటి ‘కానిది ఏది’ రకంగా ఉండాలి. తర్వాత ఇంకో రెండు పేజీలు తొందర పెట్టి చదివించి, అలాగే అడగండి. టైము తగ్గి, సరైన జవాబులు కూడా తగ్గితే బిడ్డ వదిలేస్తున్నాడన్నమాట. రెండు టైములూ, రెండు మార్కులూ డైరీలో రాసి సోమవారం క్లాస్ టీచరుకు పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు