కౌంట్‌డౌన్ క్యాప్షన్ల గురించి సీనుకి

ఒరేయ్ సీనూ,

నీ మిద్దెతోట వెబినార్ క్యాప్షన్లన్నీ చదివాను. "ఇంకా 5 రోజులే", "ఇంకా 4 రోజులే" అని అంకె ఒక్కటే మారుతోంది, కిందంతా అదే పాట. రిజిస్టర్ చేసుకోని వాడికి రోజులు తగ్గితే ఏంటి, పెరిగితే ఏంటిరా? అక్కడ తనకేం పనో వాడికింకా తెలీదు.

మొదటి ప్రకటనలో నీ పేరు, నీ అనుభవం పైన పెట్టావు. ఇన్‌స్టాలో మొదటి ఒకటి రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. కాబట్టి వాడి బాధతో మొదలుపెట్టు: "వంగ ఆకుల కింద తెల్లగా దూదిలా పట్టిందా? అది పిండినల్లి. మందు కొనేముందు శనివారం ఒక గంట మాతో కూర్చోండి." క్యాప్షన్‌లో పెట్టిన లింక్ అక్కడ నొక్కితే తెరుచుకోదు, అందుకని బయోలో పెట్టి, బయోలో ఉందని చెప్పు.

మధ్య రోజుల్లో రోజూ వేయక్కర్లేదు. రెండు చాలు, కానీ ఒక్కోదాంట్లో ఒక్కో ప్రశ్న ఉండాలి. ఒకటి "వేపనూనె కొట్టినా పురుగు ఎందుకు పోవట్లేదు?" అనుకో, రెండోది కుండీలో నీళ్లు నిలవడం గురించి. సగం జవాబు అక్కడే చెప్పేయ్: నూనె నీళ్లలో కలవదు, కాస్త సబ్బు ద్రావణం కలపాలి. ఎంత కలపాలి, ఏ వేళ కొట్టాలి అన్నది వెబినార్‌కి ఉంచు. ఉత్తినే ఊరిస్తే జనం విసుక్కుంటారు.

ఇక "రేపే!" అన్న మాట తీసెయ్. ఫీడ్‌లో పోస్టులు వేసిన వరసలో రావు, నీ "రేపే" ఎవడికో ఆదివారం కనిపిస్తుంది. ప్రతిసారీ "జూన్ 14, శనివారం, రాత్రి 7 గంటలు, భారత సమయం" అని పూర్తిగా రాయి. డాలస్‌లో మీ అక్కావాళ్లకి అది అదే రోజు ఉదయం 8:30, ఆ ముక్క కూడా పక్కన పెట్టు.

చివరి రోజు మాత్రం రెండు వేరే మెసేజ్‌లు కావాలి. రిజిస్టర్ చేసుకోని వాళ్లకి ఉదయం చిన్నది: సమయం, ఉచితమన్న మాట, లింక్, అంతే. ఆ రోజు కొత్త కబుర్లు చెప్పకు. రిజిస్టర్ అయినవాళ్లకి గంట ముందు వాట్సాప్‌లో జాయిన్ అయ్యే లింక్, "తెగులు పట్టిన ఆకు ఫోటో దగ్గర పెట్టుకోండి" అని ఒక లైను. చేతిలో ఆ ఫోటో ఉన్నవాడు దానికి జవాబు కోసమైనా వస్తాడు. రికార్డింగ్ ఇస్తానని మాత్రం ముందే ఊదకు, చాలామంది తర్వాత చూద్దాంలే అని ఆగిపోతారు.

రీప్లే నోటీసులో "మిస్సయ్యారా?" అని దెప్పొద్దు. వెతుక్కునే పని తప్పించు: ఏ నిమిషంలో పిండినల్లి, ఏ నిమిషంలో మట్టి మిశ్రమం. "18, బుధవారం రాత్రి 10 వరకే" అని రాస్తే ఆ రాత్రి నిజంగానే తీసెయ్. గురువారం కూడా అక్కడే ఉందనుకో, వచ్చేసారి నీ గడువు ఎవడూ లెక్కచేయడు.

మార్చిన ముసాయిదా పంపు, ముఖ్యంగా ఆ మొదటి రెండు లైన్లు. అత్తయ్యగారిని అడిగానని చెప్పు.

నీ
రాజు