30 శాతం కాదు, 30 మిల్లీగ్రాములు

సంపాదకులకు,

గత ఆదివారం మీరు ఎల్ఎల్ఆర్ పరీక్షకు వెళ్లేవారి కోసం నమూనా ప్రశ్నలు వేశారు. మద్యం మీద ఒకే ఒక్క ప్రశ్న: బండి నడిపేవాడి రక్తంలో ఎంత మద్యం దాకా చట్టం ఒప్పుకుంటుంది? దానికి జవాబు ‘30 శాతం’ అని అచ్చయింది. మా మందుల దుకాణం కౌంటర్ దగ్గర కూర్చుని అది చదివిన నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 30 శాతం ఆల్కహాల్ ఉన్న రక్తంతో పరీక్షకు రావడానికి మనిషి మిగిలి ఉండడు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ చెప్పేది 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. పిల్లలు ఇది చదువుకుని వెళ్లి పరీక్ష తప్పితే, ఆ పాపం ఎవరిది?

అంకె సరిగ్గా వేసినా దాని అర్థం ఎవరూ చెప్పరు. డెబ్బై కిలోల మనిషి 650 మిల్లీలీటర్ల మామూలు బీరు సీసా ఖాళీ కడుపుతో గబగబా తాగితే రక్తంలో దాదాపు 50 మిల్లీగ్రాములు చేరుతుంది. స్ట్రాంగ్ బీరైతే 80 దాకా పోతుంది. కాలేయం దాన్ని గంటకు సుమారు పదిహేను చొప్పునే కరిగిస్తుంది. అంటే 80 నుంచి 30కి దిగడానికి మూడు గంటలకు పైనే పడుతుంది. మజ్జిగ తాగినా, తలమీద నీళ్లు పోసుకున్నా, యాలకులు నమిలినా ఆ లెక్క మారదు. ‘ఒక్క బీరే కదా’ అనేవాళ్లకు ఈ కూడిక తీసివేతలు పరీక్షలో పెడితే ఎంత బాగుండేది!

నేను ముప్ఫై ఏళ్లుగా హైదరాబాదు–విజయవాడ రహదారి పక్కన మందుల దుకాణం నడుపుతున్నాను. మనవాళ్లు సారాను, మాత్రను ఒకే మాటతో ‘మందు’ అంటారు. కానీ చెకింగులో పట్టుబడేది మొదటి మందు ఒక్కటే. మొన్న రాత్రి తొమ్మిదింటికి ఒక కారు డ్రైవరు ముక్కు కారుతూ వచ్చి జలుబు మాత్ర అడిగాడు. పొద్దున నాలుగింటికి లేచాడట, ఇంకా విజయవాడ దాకా పోవాలట. మనం ఊరికే జలుబు మాత్ర అనేవాటిలో చాలా వాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. అది ముక్కును ఆరబెడుతుంది, మెదడును కూడా మందగింపజేస్తుంది. రాత్రి వేసుకున్న మాత్ర మత్తు మరునాటి ఉదయానికీ కొందరిలో పూర్తిగా వదలదు.

ఇక నిద్ర సంగతి. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని ఆస్ట్రేలియాలో జరిగిన ప్రయోగాల్లో తేలింది. నాలుగింటికి లేచిన ఆ డ్రైవరుకు తొమ్మిదింటికి సరిగ్గా పదిహేడు గంటలు నిండాయి. మన చట్టం ఒప్పుకునే 30ని అతను చుక్క తాగకుండానే దాటిపోయాడన్నమాట. దాని మీద మాత్ర. బ్రీత్ అనలైజర్‌లో ఊదమంటే సున్నా చూపించి, అతన్ని సాగనంపుతుంది.

సున్నా వచ్చినవాడి బండి ఎక్కడ ఆగుతుందో చూద్దాం. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. ఎదుట అడ్డం కనబడ్డాక కాలు బ్రేకు మీదికి చేరడానికి మామూలుగా ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే, బ్రేకు పడకముందే 33 మీటర్లు పోయాం. మగతలో ఇంకో అర సెకను ఆలస్యమైతే మరో 11 మీటర్లు, అంటే ఇంచుమించు ఒక ఆర్టీసీ బస్సు పొడవు. లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆపిన ట్రాక్టర్ ట్రాలీని తప్పించుకోవడమా, దాని కిందికి దూరడమా అన్నది ఆ 11 మీటర్లలోనే తేలిపోతుంది. ఇక కళ్లు తెరిచి ఉండగానే మూడు సెకన్లు కునుకు పడితే 66 మీటర్లు బండి దానంతట అదే పోతుంది.

అధికారులు చేసేదేమిటి? కొన్నిచోట్ల తెల్లవారుజామున లారీలు ఆపి ముఖం కడిగించి పంపుతున్నారు. ఏమీ చేయకపోవడం కన్నా మేలే. కానీ చల్లనీళ్ల ప్రభావం కొద్ది నిమిషాలే. అక్కడే బండి ఆపి ఇరవై నిమిషాలు పడుకోనిస్తే నయం. పడుకోవడానికి చోటేదీ? టోల్ కట్టించుకునే చోట దీపాలు వెలుగుతూనే ఉంటాయి, లారీ ఆపుకునే జాగాలో మాత్రం చీకటి, బురద. ‘అతివేగం ప్రమాదకరం’ అని రాసిన బోర్డు మా ఊరి మలుపులో సగం చెరిగిపోయి ఏళ్లు గడిచాయి. ‘కరం’ మాత్రం మిగిలింది, పన్ను కట్టమన్నట్టు.

నా వృత్తివాళ్లనూ వదలను. పట్టీలోంచి రెండు మాత్రలు కత్తిరించి కాగితంలో చుట్టి ఇచ్చేటప్పుడు ‘బండి నడుపుతారా?’ అని అడిగేది మాలో ఎందరు? ఆ డ్రైవరును నేను అడిగాను. మత్తు తక్కువ ఉండే రకం ఇచ్చి, పడుకుని పొమ్మన్నాను. మాత్ర తీసుకున్నాడు, రెండోది వినలేదు.

ఎల్ఎల్ఆర్ పరీక్షలో ఈ మాత్రల మీద, నిద్ర మీద చెరొక ప్రశ్న పెట్టమని రవాణాశాఖవారిని అడగండి. అది వాళ్ల చేతిలో పని. ఆ ‘30 శాతం’ మాత్రం మీ చేతిలోదే. ప్రశ్నలు వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. ఆదివారం దాకా ఆగవద్దు, మా వీధి కుర్రాడికి గురువారమే పరీక్ష.

– ఒక ఫార్మసిస్టు, సూర్యాపేట